సప్లయర్ల చెల్లింపుల ఫైలు: బ్యాంకుకు పంపే ముందు ఏవి, ఏ వరుసలో సరిచూసుకోవాలి

ప్రశ్న: ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తున్నాను. యజమాని సంతకం పెట్టిన బిల్లులను ఎక్సెల్‌లో ఎక్కించి, సీఎస్‌వీగా మార్చి, నలభై మంది దాకా సప్లయర్లకు ఒకేసారి బ్యాంకు పోర్టల్‌లో అప్‌లోడ్ చేస్తాము. పోయినసారి కొన్ని వరుసలు రిజెక్టు అయ్యాయి, ఒక చెల్లింపు వేరే వాళ్ల ఖాతాలో పడింది. పోర్టల్ మాత్రం ఫైలు సరిగానే ఉందని చూపింది. అప్‌లోడ్‌కు ముందు ఏమేమి చూసుకోవాలి?

సమాధానం:

పోర్టల్ ఫైలు సరిగ్గా ఉందని చెప్పినప్పుడు అది చూసేది ఫైలు రూపాన్ని మాత్రమే. ఖాతా నంబరు ఉండవలసిన చోట అంకెలు ఉన్నాయా, ఐఎఫ్ఎస్‌సీ పదకొండు అక్షరాలు ఉందా, మొత్తం సంఖ్యగా ఉందా అన్నంత వరకే దాని పరిశీలన. ఆ ఖాతా మీ సప్లయరుదేనా, ఆ మొత్తానికి సంతకం పడిందా, అదే బిల్లుకు పోయిన నెలలో డబ్బు వెళ్లిందా అన్నవి దానికి తెలిసే అవకాశం లేదు. నెఫ్ట్‌లోనూ ఆర్‌టీజీఎస్‌లోనూ డబ్బు జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే తప్ప పేరును బట్టి కాదు. పేరు గడిలో మీరు రాసినది సరిగ్గా ఉన్నా, నంబరులో ఒక్క అంకె మారి ఆ నంబరుతో వేరొక ఖాతా ఉంటే డబ్బు అక్కడికి వెళుతుంది. కాబట్టి పరిశీలన మీరే చేసుకోవాలి. దానిని ఎక్సెల్ షీటు మీద కాక, బ్యాంకుకు వెళ్లే చివరి సీఎస్‌వీ ఫైలు మీద చేయాలి. నేను చూసిన చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్యలోనే పుట్టాయి.

మొదట మొత్తాల సంగతి. సంతకం పడేది బిల్లు మీద, ఫైలులోకి వెళ్లేది నికరంగా చెల్లించవలసిన మొత్తం. ఈ రెండూ ఒకటి కావు కనుక మధ్యలో ఒక రిజిస్టరు తప్పనిసరిగా ఉండాలి. అందులో బిల్లుకు ఒక వరుస ఉంటుంది: సప్లయరు కోడు, బిల్లు నంబరు, తేదీ, పన్నుకు ముందు విలువ, జీఎస్‌టీ, టీడీఎస్, డెబిట్ నోటు, నికరం. బ్యాంకు ఫైలులో మాత్రం సప్లయరుకు ఒక వరుస ఉంటుంది. ఉదాహరణకు మీ జిన్నింగ్ యంత్రాలకు మరమ్మతు చేసే ఒక భాగస్వామ్య సంస్థ రెండు బిల్లులు ఇచ్చిందనుకుందాం. మొదటిది 1,20,000, దానిపై పద్దెనిమిది శాతం జీఎస్‌టీ 21,600 కలిపి 1,41,600 రూపాయలు. రెండవది 80,000, జీఎస్‌టీ 14,400 కలిపి 94,400. కాంట్రాక్టు పనికి సంస్థ అయితే రెండు శాతం టీడీఎస్ కోయాలి. జీఎస్‌టీని బిల్లులో విడిగా చూపినప్పుడు టీడీఎస్ లెక్క పన్నుకు ముందు విలువ మీదే ఉంటుంది, కాబట్టి కోత 2,400, 1,600 రూపాయలు అవుతుంది. సరిపడని ఒక విడిభాగాన్ని తిప్పి పంపినందుకు 5,900 రూపాయల డెబిట్ నోటు ఉంది. నికరంగా 1,39,200, 92,800 కలిపి 2,32,000, అందులో 5,900 తీసివేస్తే 2,26,100. ఫైలులోకి ఈ ఒక్క అంకె మాత్రమే వెళ్లాలి, రిజిస్టరులో దాని వెనుక రెండు బిల్లులూ డెబిట్ నోటూ కనిపించాలి. డెబిట్ నోట్లు చాలా చోట్ల తప్పిపోతాయి, ఎందుకంటే సంతకం కోసం వెళ్లే బిల్లుల కట్టలో అవి ఉండవు. అందుకని ఫైలు తయారుచేసే రోజున ప్రతి సప్లయరు లెడ్జరు నిల్వను రిజిస్టరులోని నికరంతో పోల్చండి. నిల్వ తక్కువగా ఉందంటే డెబిట్ నోటో అడ్వాన్సో లెక్కలోకి రాలేదని అర్థం.

నెఫ్టా ఆర్‌టీజీఎసా అన్నది కూడా ఈ నికరం మీదే నిర్ణయించాలి. ఆర్‌టీజీఎస్‌కు కనీస మొత్తం రెండు లక్షలు, నెఫ్ట్‌కు కనీసం అంటూ లేదు. బిల్లు మొత్తం చూసి పద్ధతిని ముందే నింపేసే వారికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. 1,70,000 విలువకు 30,600 జీఎస్‌టీ కలిపితే 2,00,600 అవుతుంది కనుక ఆర్‌టీజీఎస్ అని రాస్తారు. తరువాత 3,400 టీడీఎస్ పోగా వెళ్లేది 1,97,200 మాత్రమే, ఆ వరుస రిజెక్టు అవుతుంది. పద్ధతిని చేత్తో నింపకుండా సూత్రానికి వదిలివేయడం మంచిది. మీ బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీలోని మొదటి నాలుగు అక్షరాలను K1 గడిలో పెట్టి, E కాలమ్‌లో సప్లయరు ఐఎఫ్ఎస్‌సీ, G కాలమ్‌లో నికరం ఉన్నాయనుకుంటే సూత్రం ఇలా ఉంటుంది:

```
=IF(LEFT(E2,4)=$K$1,"FT",IF(G2>=200000,"RTGS","NEFT"))
```

ఇక్కడ FT అంటే అదే బ్యాంకులోని ఖాతాకు బదిలీ. ఈ సంకేతాలు బ్యాంకును బట్టి మారుతాయి కనుక మీ బ్యాంకు నమూనా ఫైలులో ఉన్నవే వాడండి. G కాలమ్‌లోని నికరాన్ని `ROUND` తో రెండు దశాంశాలకు కుదించి ఉంచండి. గడిలో రెండు దశాంశాలు కనిపించినా లోపల మూడవ అంకె ఉంటే, సీఎస్‌వీలో వరుసల్లోని మొత్తాలను కూడినప్పుడు షీటు అడుగున ఉన్న మొత్తానికి పైసల తేడా వస్తుంది. చివరి వరుసలో మొత్తాన్ని అడిగే బ్యాంకులు ఆ ఒక్క పైసా తేడాకే ఫైలును పూర్తిగా తిప్పి పంపుతాయి.

ఇప్పుడు ఖాతా నంబరు. మీ చెల్లింపు వేరే ఖాతాలో పడడానికి నేను మొదట అనుమానించేది ఈ కాలమ్‌నే. ఎక్సెల్‌కు ఖాతా నంబరు ఒక సంఖ్యలాగా కనిపిస్తుంది, దానిని సంఖ్యగా తీసుకున్న మరుక్షణం మూడు రకాల నష్టం జరుగుతుంది. ఒకటి, ముందున్న సున్నాలు పోతాయి. రెండవది, ఎక్సెల్ పదిహేను అంకెల వరకే గుర్తు పెట్టుకుంటుంది కనుక పదహారు అంకెల ఖాతాలో చివరి అంకె సున్నాగా మారుతుంది. మూడవది, పెద్ద సంఖ్యలను అది 1.23457E+15 అన్న రూపంలో చూపిస్తుంది, అలా కనిపిస్తున్నప్పుడు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెర మీద కనిపించినదే ఫైలులోకి వెళుతుంది. ఈ మూడవది పోర్టల్‌కు వెంటనే దొరికిపోతుంది, అందుకే అది అంత ప్రమాదం కాదు. సున్నా పోయిన నంబరు, చివర సున్నాగా మారిన నంబరు మాత్రం పోర్టల్‌కు మామూలు ఖాతా నంబర్లలాగే కనిపిస్తాయి.

దీనికి చేయవలసింది ఇది. నంబర్లు అతికించక ముందే ఆ కాలమ్‌ను Text గా మార్చండి. అతికించిన తరువాత మార్చితే పోయిన అంకె తిరిగి రాదు. గడి మూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపించి, దాని మీద నొక్కితే Convert to Number అని అడుగుతుంది. మొత్తం కాలమ్‌ను ఎంచుకుని దానిని నొక్కడం కొత్తగా చేరిన వారికి సహజంగా వచ్చే అలవాటు. ఖాతా నంబర్ల కాలమ్‌లో ఆ త్రికోణం ఉండడమే మీకు మేలు, అది ఉన్నంత వరకు అంకెలు అక్షరాలుగా భద్రంగా ఉన్నట్లు. ఇక సీఎస్‌వీ తయారయ్యాక దానిని రెండుసార్లు క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవవద్దు. తెరిచిన వెంటనే ఎక్సెల్ మళ్లీ వాటిని సంఖ్యలుగా మారుస్తుంది, మీరు ఒక పేరు దిద్ది సేవ్ చేశారంటే దిద్దని వరుసల్లో కూడా ముందు సున్నాలున్న ఖాతా నంబర్లు, పొడవైన ఖాతా నంబర్లు మారిపోతాయి. చిన్న దిద్దుబాటైనా మూల షీటులో చేసి, సీఎస్‌వీని కొత్తగా తీయాలి. ఫైలును చూడాలనుకుంటే నోట్‌ప్యాడ్‌లో చూడండి.

నోట్‌ప్యాడ్‌లో చూసేటప్పుడు పేర్ల కాలమ్ మీద కూడా ఒక చూపు వేయండి. సప్లయరు పేరులో కామా ఉంటే ఎక్సెల్ ఆ పేరును కొటేషన్ గుర్తుల్లో పెడుతుంది, ఆ గుర్తులను పట్టించుకోని పోర్టల్‌లో ఆ వరుసలో ఒక గడి ఎక్కువై, పేరు చివరి ముక్క ఖాతా నంబరు స్థానంలోకి జరుగుతుంది. `&` వంటి గుర్తులను కొన్ని పోర్టళ్లు అంగీకరించవు. పేర్లను అక్షరాలు, అంకెలు, ఖాళీలకే పరిమితం చేస్తే ఈ గొడవ ఉండదు.

అసలైన పోలిక ఆ తరువాత చేయాలి. కొత్త ఖాళీ ఎక్సెల్ పుస్తకంలో Data మెనూలోని From Text/CSV ద్వారా మీ చివరి ఫైలును రప్పించండి. అక్కడ Data Type Detection అన్న చోట Do not detect data types ఎంచుకుంటే అంకెలు అక్షరాలుగానే వస్తాయి. దాని పక్కన సప్లయర్ల మాస్టర్‌ను Master అన్న షీటులో పెట్టి, A లో సప్లయరు కోడు, D లో ఖాతా నంబరు ఉండేలా చూసి, ప్రతి వరుసకూ ఈ సూత్రం వేయండి:

```
=EXACT(D2,INDEX(Master!D:D,MATCH(A2,Master!A:A,0)))
```

అన్నీ TRUE రావాలి. ఒక్కటి FALSE వచ్చినా ఆ వరుసను చేత్తో దిద్దకుండా అది ఎక్కడ మారిందో కనిపెట్టి, మూలంలో సరిచేసి, ఫైలును మళ్లీ తీయండి. మీ బ్యాంకు నమూనాలో సప్లయరు కోడుకు స్థానం లేకపోతే, చెల్లింపు రిఫరెన్సు గడిలో కోడు వచ్చేలా రిఫరెన్సును కట్టుకోండి. పోల్చడానికి ఏదో ఒక తాళంచెవి ఫైలులో ఉండి తీరాలి. చూడడానికి ఒకేలా ఉండి FALSE వస్తే, వాట్సాప్ నుంచో పీడీఎఫ్ నుంచో అతికించినప్పుడు వెంట వచ్చిన కనిపించని ఖాళీ అందుకు కారణమై ఉంటుంది. `TRIM` దానిని తీయలేదు, `SUBSTITUTE(D2,CHAR(160),"")` తీస్తుంది.

మాస్టరే తప్పయితే ఈ పోలికకు విలువ లేదు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. మన జిల్లాల్లో మాస్టర్లు పాతబడిపోవడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. కడప కేంద్రంగా ఉండిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగిలిన మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు చిన్న సప్లయర్లలో, లారీల వాళ్లలో ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో ఖాతా ఉన్నవారు చాలామంది. వాళ్లు పాతవి అచ్చు వేయించుకున్న బిల్లు పుస్తకాలనే ఇప్పటికీ వాడుతుంటారు, అందుకే బిల్లు అడుగున ANDB తోనో SYNB తోనో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కనిపిస్తూ ఉంటుంది. ఆ రెండూ చెల్లవు. బిల్లు మీద అచ్చయిన బ్యాంకు వివరాలను ఎప్పుడూ ఫైలులోకి తీసుకోవద్దు. మాస్టర్‌లో పైన చెప్పిన బ్యాంకుల సప్లయర్లందరి నుంచి ఇప్పటి చెక్కు పుస్తకంలోని రద్దు చేసిన చెక్కు ఒకటి తీసుకుని, దానిని బట్టి మాస్టర్ దిద్దండి. ఐఎఫ్ఎస్‌సీలో అయిదవ అక్షరం ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లీషు O అక్షరం టైపు కావడం తరచుగా జరుగుతుంది, దీనితో అది దొరుకుతుంది:

```
=AND(LEN(E2)=11,MID(E2,5,1)="0")
```

ఖాతా ఆ సప్లయరుదేనని నిర్ధారించుకోవడానికి ఇప్పుడు మరొక సౌకర్యం ఉంది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు పంపే ముందు లబ్ధిదారు పేరును చూసుకునే ఏర్పాటును 2025 ఏప్రిల్ 1 నాటికల్లా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. కొత్త సప్లయరును చేర్చేటప్పుడు, ఉన్న సప్లయరు ఖాతా మార్చేటప్పుడు ఆ పేరును తెర మీద చూసి, చెక్కు మీది పేరుతో పోల్చి, ఆ పుటను ముద్రించి ఫైలులో పెట్టండి. ఖాతా మారిందని ఈమెయిలో వాట్సాప్ సందేశమో వస్తే, అందులో ఉన్న నంబరుకు కాకుండా మీ దగ్గర ముందు నుంచి ఉన్న నంబరుకు ఫోన్ చేసి, యజమానితో మాట్లాడిన తరువాతే మార్చండి. ఈ ఒక్క విషయంలో సప్లయరు తొందరపెట్టినా, మీ యజమాని తొందరపెట్టినా మెత్తబడవద్దని గట్టిగా చెబుతున్నాను.

రెండుసార్లు చెల్లించడం గురించి కొంత విడిగా చెప్పాలి, ఎందుకంటే అది ఏ పరిశీలనకూ దొరకకుండా నెలల తరబడి ఉండిపోగలదు. జీఎస్‌టీ నిబంధన ప్రకారం బిల్లు నంబరు పదహారు అక్షరాలకు మించరాదు, అక్షరాలు, అంకెలు కాక అందులో ఉండగలిగిన గుర్తులు అడ్డగీత, ఏటవాలు గీత మాత్రమే. కాబట్టి అదే బిల్లును ఒకరు `AD/231` అనీ, మరొకరు `AD-231` అనీ ఎక్కిస్తే, ఆ రెండు గుర్తులనూ ఖాళీలనూ తీసివేసిన వెంటనే రెండూ ఒకటవుతాయి. రిజిస్టరులో బిల్లు నంబరు B కాలమ్‌లో ఉంటే:

```
=SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(UPPER(B2),"/",""),"-","")," ","")
```

దీనిని సప్లయరు కోడుతో కలిపి వెతకడం సరిపోదు. ఒకే సప్లయరు మాస్టర్‌లో రెండు పేర్లతో, రెండు కోడులతో ఉంటారు, పేరులో ఒక అక్షరం తేడా చాలు. కోడుకు బదులు పాన్ నంబరు వాడండి. జీఎస్‌టీ నంబరులో మూడవ అక్షరం నుంచి పది అక్షరాలు పానే, `MID(C2,3,10)` దానిని ఇస్తుంది. ఆదోనికి బళ్లారి దగ్గర కనుక కొందరు వ్యాపారులకు ఇక్కడ 37తో మొదలయ్యే నంబరు, అక్కడ 29తో మొదలయ్యే నంబరు రెండూ ఉంటాయి. జీఎస్‌టీ నంబరుతో వెతికితే ఇద్దరుగా కనిపించే ఆ సప్లయరు పాన్‌తో వెతికితే ఒక్కరే అని తెలుస్తుంది. పాన్, ఆర్థిక సంవత్సరం, శుభ్రం చేసిన బిల్లు నంబరు ఈ మూడింటినీ ఒక గడిలో కలిపి, ఈ ఏడూ పోయిన ఏడూ చెల్లించిన జాబితాలో అది ఉందేమో చూడండి. ఆర్థిక సంవత్సరం ఎందుకంటే ఏప్రిల్‌లో నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టుకోవడానికి సప్లయరుకు వీలుంది.

అదే ఫైలులో ఒక ఖాతా రెండుసార్లు వచ్చిందేమో చూడడానికి చాలామంది `COUNTIF` వాడతారు. అది ఇక్కడ తప్పు ఫలితం ఇస్తుంది. అక్షరాలుగా ఉంచిన అంకెలను కూడా ఆ సూత్రం సంఖ్యలుగా మార్చి పోలుస్తుంది కనుక, మొదటి పదిహేను అంకెలు ఒకటై పదహారవది వేరుగా ఉన్న రెండు ఖాతాలను అది ఒకటే అంటుంది. ఒకే శాఖలో వెంటవెంటనే తెరిచిన ఖాతాలకు ఇది నిజంగా జరుగుతుంది. దాని బదులు ఇది వాడండి:

```
=SUMPRODUCT(--(D$2:D$60=D2))
```

ఒకటికి మించి వచ్చిన ప్రతి వరుసకూ జవాబు ఉండాలి. ఒక కుటుంబంలోని రెండు సంస్థలు ఒకే ఖాతా ఇచ్చి ఉండవచ్చు. అయితే రెండు వేర్వేరు సప్లయర్ల పేర్లతో ఒకే ఖాతాకు డబ్బు వెళుతోందంటే అది యజమాని దృష్టికి వెళ్లి తీరవలసిన విషయం.

ఇవన్నీ అయ్యాక ఫైలు మారకుండా చూడాలి. సంతకానికి ఇచ్చే కాగితం మీద వరుసల సంఖ్య, మొత్తం రూపాయలు, అన్ని ఖాతా నంబర్ల చివరి నాలుగేసి అంకెల కూడిక ఈ మూడూ రాయండి. చివరిది, నలభై వరుసలుంటే, `=SUMPRODUCT(--RIGHT(D2:D41,4))` తో వస్తుంది. ఆ కూడికకు డబ్బు అర్థం ఏమీ లేదు. ఖాతా నంబరు చివరి అంకెలను మార్చి మొత్తాన్ని అలాగే ఉంచితే వరుసల సంఖ్యా మొత్తం రూపాయలూ మారవు, ఇది మారుతుంది, దాని ఉపయోగం అంతవరకే. దానికి తోడు ఫైలు ముద్రను కూడా తీసుకోవచ్చు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో

```
certutil -hashfile payment.csv SHA256
```

అని కొడితే అరవై నాలుగు అక్షరాల వరుస వస్తుంది. ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. అప్‌లోడ్ చేసే ముందు మళ్లీ కొట్టి, మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది అక్షరాలు సంతకం పడిన కాగితంతో పోల్చితే చాలు. అప్‌లోడ్ చేసేవారు, పోర్టల్‌లో ఆమోదించేవారు వేర్వేరు వ్యక్తులై ఉండాలి. ఆమోదించేవారు పోర్టల్ చూపే వరుసల సంఖ్యను, మొత్తాన్ని ఆ కాగితంతోనే పోల్చాలి, మీరు ఫోనులో చెప్పిన అంకెతో కాదు. మిల్లులలో యజమాని ఓటీపీని గుమాస్తాకు చెప్పేసే అలవాటు ఉంది. అలా చేస్తే రెండవ వ్యక్తి లేనట్లే కనుక, దానిని మీరే మర్యాదగా కాదనడం మీకూ రక్షణ.

ఇక రిజెక్టు అయిన వరుసల సంగతి. అప్‌లోడ్ దగ్గరే ఆగిపోయినవి, వెళ్లి తిరిగి వచ్చినవి రెండూ వేరు. నలభైలో ఆరు ఆగిపోతే మిగిలిన ముప్పై నాలుగు అప్పటికే ఆమోదం వరుసలో ఉండవచ్చు. ఆరింటిని దిద్ది మొత్తం ఫైలును మళ్లీ ఎక్కిస్తే ముప్పై నాలుగు మందికి రెండుసార్లు వెళుతుంది. ఆ ఆరింటితోనే కొత్త ఫైలు తీయాలి. ఆ వరుసలకు పాత రిఫరెన్సు నంబరే ఉంచండి, ఎందుకంటే మీ బ్యాంకు వ్యవస్థ ఒకే రిఫరెన్సును రెండవసారి అంగీకరించనిదైతే, నిజానికి ఆగని చెల్లింపును మీరు పొరపాటున మళ్లీ పెట్టినా అక్కడ ఆగిపోతుంది.

వెళ్లి తిరిగి వచ్చినవి సాధారణంగా మూసేసిన ఖాతాలు, లేని ఖాతాలు. నెఫ్ట్‌లో జమ చేయలేని మొత్తాన్ని అవతలి బ్యాంకు ఆ బ్యాచి పూర్తయిన రెండు గంటల లోపల తిప్పి పంపాలి. అయినా పోర్టల్‌లోని స్థితి చూసి మళ్లీ పంపవద్దు. మీ ఖాతా స్టేట్‌మెంటులో ఆ మొత్తం తిరిగి జమ అయినట్లు, పాత యూటీఆర్ నంబరుతో సహా కనిపించిన తరువాతే, ఈసారి కొత్త రిఫరెన్సుతో పంపండి. పుస్తకాల్లో కూడా మొదటి చెల్లింపును చెరపకుండా, తిరిగి వచ్చినదానిని రసీదుగా చూపి, రెండవదానిని కొత్త చెల్లింపుగా రాయండి. అప్పుడే బ్యాంకు స్టేట్‌మెంటులోని మూడు వరుసలకు మీ పుస్తకంలో మూడు వరుసలు దొరుకుతాయి.

వేరే వాళ్ల ఖాతాలో పడిన మీ చెల్లింపు మాత్రం ఈ దారిన తిరిగి రాదు, ఆ ఖాతా ఉన్నదే కనుక అవతలి బ్యాంకు లెక్కలో అది సరిగ్గా పూర్తయిన జమ. ఈ రోజే మీ శాఖకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అందులో యూటీఆర్, తేదీ, మొత్తం, వెళ్లిన ఖాతా, వెళ్లవలసిన ఖాతా రాసి, రిజిస్టరు పుటనూ సప్లయరు రద్దు చెక్కునూ జతపరచి, ముట్టినట్లు సంతకం తీసుకోండి. అవతలి బ్యాంకు ఆ ఖాతాదారును సంప్రదించి, వారి సమ్మతితోనే వెనక్కి ఇస్తుంది. వారు ఒప్పుకోకపోతే మిగిలేది న్యాయపరమైన దారి, అప్పుడు మీ చేతిలో ఉండవలసినది ఈ కాగితాలే. సప్లయరుకు రావలసిన డబ్బును ఆ వసూలు తేలేదాకా ఆపవద్దు, వారి బాకీ అలాగే ఉంది. మాస్టర్ దిద్ది వారికి సరైన ఖాతాకు చెల్లించి, దారి తప్పిన మొత్తాన్ని పుస్తకాల్లో వసూలు కావలసిన పద్దుగా విడిగా చూపండి.